ఎనభై రూపాయల కొనుగోలుకు వంద ఎందుకు కట్టాలి?

ఫోన్‌లో ఆడే ఆటలో ఒక వస్తువు ధర రూ.80 అనుకుందాం. తుపాకీకి కొత్త రంగో, ఆటగాడికి కొత్త దుస్తులో ఏదైనా కావచ్చు. కొనాలనుకున్న వ్యక్తికి క్రెడిట్ కార్డు లేదు. అతని ముందు ప్రధానంగా మూడు దారులుంటాయి. యూపీఐ లేదా వాలెట్ ద్వారా కడితే ఖర్చయ్యేది సరిగ్గా రూ.80. వంద రూపాయల గూగుల్ ప్లే కోడ్ కొంటే రూ.80 పోగా మిగతా ఇరవై ఆ ఖాతాలోనే ఉండిపోతుంది. మొబైల్ బ్యాలెన్స్ నుంచి కట్టాలంటే ముందు వంద రూపాయల టాప్-అప్ వేయించాలి. అప్పుడు మెయిన్ బ్యాలెన్స్‌లో పడేది రూ.81.75 మాత్రమే. వస్తువు కొన్నాక మిగిలేది రూపాయి ముప్పావు. అంటే అదే వస్తువుకు ఇతను కట్టింది దాదాపు వంద.

ఈ రూ.18.25 ఎటు పోయిందో చూద్దాం. టాప్-అప్‌ను టెలికాం సేవగా లెక్కగడతారు కాబట్టి వందలో రూ.15.25 జీఎస్టీ కింద పోతుంది. మరో మూడు రూపాయలు ప్రాసెసింగ్ ఫీజు. పది రూపాయల టాప్-అప్‌కు రూ.7.47 రావడం వెనకా ఇదే లెక్క ఉంది. అక్కడ జీఎస్టీ రూ.1.53, ఫీజు రూపాయి. ఆటలోని వస్తువు ధరలో ఎలాగూ జీఎస్టీ కలిసే ఉంటుంది. ఫోన్ మాట్లాడుకోవడానికని ఒకసారి, ఆట కొన్నందుకని మరోసారి, ఒకే డబ్బు మీద రెండుసార్లు పన్ను కట్టినట్టయింది. ఈ సంగతి కొనుగోలు తెర మీద ఎక్కడా కనిపించదు. అక్కడ మూడు దారుల పక్కనా రూ.80 అనే ఉంటుంది.

మన దేశంలో ఆటల కొనుగోళ్లు ఈ కార్డులేని దారుల్లోకి మళ్లడానికి కారణాలున్నాయి. వాడుకలో ఉన్న క్రెడిట్ కార్డుల సంఖ్య 10 కోట్లు దాటింది 2024 తొలినాళ్లలోనే. ఒకరికే రెండు మూడు కార్డులుండటం మామూలే కాబట్టి, కార్డు ఉన్న మనుషుల సంఖ్య అంతకంటే బాగా తక్కువ. ఆటలాడే వయసువాళ్లలో అది ఇంకా తక్కువ. దీనికి తోడు ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రిజర్వు బ్యాంకు రెండో ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. నెలనెలా తమంతట తామే జరిగిపోయే చెల్లింపులకు 2021 అక్టోబరు 1 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. వాటికి తగ్గట్టు తన పద్ధతి మార్చుకోని యాపిల్, 2022లో భారత్‌లోని యాప్ స్టోర్ కొనుగోళ్లకు కార్డులు తీసుకోవడమే ఆపేసింది. యూపీఐతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో ఖాతాలో బ్యాలెన్స్ నింపుకోండి, లేదంటే కోడ్ కొనుక్కోండి అంది. కార్డు ఉన్నవాళ్లు కూడా కార్డులేనివాళ్ల వరసలోనే నిలబడాల్సి వచ్చింది. కాబట్టి ఇది కార్డు దొరకని కొద్దిమంది సర్దుబాటు అనుకోవడానికి లేదు. ఈ దేశంలో ఆట కొనడమంటే చాలామందికి ఇదే.

మూడింటిలో అన్నిటికంటే సులువుగా అనిపించేది మొబైల్ బిల్లింగ్. పిన్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, బ్యాంకు ఖాతా అక్కర్లేదు. ఈ ఆలోచన కొత్తదీ కాదు. జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో 1999లో ఐ-మోడ్ సేవ మొదలుపెట్టినప్పుడు రింగ్‌టోన్లు, చిన్న చిన్న ఆటల సొమ్మును ఫోన్ బిల్లులోనే కలిపి వసూలు చేసేది. తన వాటాగా 9 శాతం ఉంచుకుని మిగతాది తయారీదారులకు ఇచ్చేది. అక్కడ నెలాఖరున బిల్లు కట్టే అలవాటుంది కాబట్టి ఆ పద్ధతి కుదురుకుంది. మన దగ్గర కనెక్షన్లలో 90 శాతానికి పైగా ప్రీపెయిడ్. పైగా 2016 తర్వాత వచ్చిన అన్‌లిమిటెడ్ ప్యాకుల కాలంలో మెయిన్ బ్యాలెన్స్ అనేదే చాలామంది మరచిపోయారు. రెండు మూడు వందలు పెట్టి ప్యాక్ వేయించుకుంటే డేటా, కాల్స్ వస్తాయి తప్ప మెయిన్ బ్యాలెన్స్‌లో పైసా పడదు. ‘నిన్ననే రీచార్జ్ చేశాను, అయినా బ్యాలెన్స్ చాలదంటోంది’ అని దుకాణం దగ్గర వాదించే కుర్రాళ్ల సమస్య ఇదే. ఆటకు కట్టాలంటే ప్యాక్ మీద మళ్లీ విడిగా టాప్-అప్ వేయించాలి, రూ.18.25 వదులుకోవాలి.

ఈ పద్ధతిలో డబ్బు ఎవరి దగ్గర కోతపడుతుందన్నది దీనికంటే ముఖ్యమైన విషయం. యూపీఐ బ్యాంకు ఖాతాకు కట్టుబడి ఉంటుంది, కోడ్ గూగుల్ ఖాతాకు కట్టుబడి ఉంటుంది. మొబైల్ బిల్లింగ్ మాత్రం సిమ్‌ను చూస్తుంది. మన ఇళ్లలో పిల్లవాడి చేతిలో ఉన్న ఫోన్‌లోని సిమ్ సాధారణంగా తండ్రి పేరు మీదో తల్లి పేరు మీదో ఉంటుంది. గూగుల్ ఖాతా పిల్లవాడిదే అయినా ఖర్చు సిమ్ యజమానిది. ప్రీపెయిడ్ అయితే ఉన్న బ్యాలెన్స్ దగ్గర ఆగుతుంది. పోస్ట్‌పెయిడ్ అయితే ఆ నెల బిల్లు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. తెలిసేసరికి ఆటలో కొన్నవి వాడేసి ఉంటారు, వాపసు అడిగే గడువూ దాటిపోతుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. టెలికాం బిల్లు ద్వారా మూడో వ్యక్తికి సొమ్ము వెళ్లే దారి ఒకటంటూ తెరిస్తే, ఆ దారిలో అడగని సేవలూ దూరతాయి. అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. వినియోగదారులు కోరని జాతకాల మెసేజ్‌లు, రింగ్‌టోన్ల చందాలు నెలనెలా బిల్లుల్లో చేర్చారన్న కేసుల్లో ఏటీ అండ్ టీ 2014 అక్టోబరులో 10.5 కోట్ల డాలర్లకు, టీ-మొబైల్ అదే ఏడాది డిసెంబరులో కనీసం 9 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. మరుసటి ఏడాది వెరిజాన్, స్ప్రింట్ వంతు వచ్చింది. మన దగ్గర కాలర్ ట్యూన్ల పేరుతో బ్యాలెన్స్ మాయమైన రోజులు ఎవరూ మరచిపోలేదు. ఆ ఫిర్యాదుల వల్లే ట్రాయ్ 2013 జులైలో, ఏ విలువ ఆధారిత సేవనైనా మొదలుపెట్టే ముందు వినియోగదారుడి అంగీకారం రెండుసార్లు విడివిడిగా తీసుకోవాలని ఆదేశించింది. అలాంటి సేవలను ఆపేయడానికి 155223 అనే నంబరు అన్ని సంస్థలకూ ఉమ్మడిగా ఉంది.

బ్యాలెన్స్ తగ్గింది, కానీ ఆట కొనుగోలు వల్లా, అడగని సేవ వల్లా అన్నది తేలడం లేదనుకోండి. తెలుసుకునే మార్గం ఒకటుంది. గూగుల్ ప్లేలో చెల్లింపుల విభాగంలోకి వెళ్లి కొనుగోళ్ల చరిత్ర చూడాలి. గూగుల్ ద్వారా జరిగిన ప్రతి కొనుగోలుకూ GPA. అనే అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరు ఉంటుంది, ఈమెయిల్‌కు రసీదు వస్తుంది. ఫోన్‌లో ఒకటికి మించి ఖాతాలుంటే అన్నిటిలోనూ వెతకాలి. కోత పడిన తేదీన, అంతే మొత్తానికి GPA. నంబరు దొరికితే అది ఆట కొనుగోలే, అడగాల్సింది గూగుల్‌ను. ఎక్కడా దొరక్కపోతే అనుమానించాల్సింది టెలికాం సంస్థ చేర్చిన సేవను. అప్పుడు 155223 పట్టుకోవాలి, ఆ సంస్థకే ఫిర్యాదు చేయాలి. ఈ తేడా తెలియక గూగుల్ వాళ్లు టెలికాం వాళ్లను అడగమంటే, టెలికాం వాళ్లు గూగుల్‌ను అడగమంటే, మధ్యలో వారాలు గడిచిపోతాయి.

కోడ్‌ల సంగతి వేరు. కిరాణా కొట్టులోనో, చెల్లింపుల యాప్‌లోనో డబ్బు కట్టి అక్షరాలు, అంకెల వరస ఒకటి తీసుకుంటాం. దాన్ని play.google.com/redeem లో కొడితే ఆ మొత్తం ఖాతాలో చేరుతుంది. పిల్లల ఖర్చుకు హద్దు పెట్టాలనుకునే తల్లిదండ్రులకు మూడింటిలో ఇదే మేలైనదని నా అభిప్రాయం. నెలకు రూ.200 అనుకుంటే రెండు వందల కోడ్ ఇస్తే చాలు, రెండు వందల ఒకటో రూపాయి ఖర్చు కావడానికి వీలుండదు. గూగుల్ ప్లేలో నెలవారీ బడ్జెట్ పెట్టుకునే సదుపాయం ఉన్నమాట నిజమే. అయితే అది హద్దు దాటుతున్నారని గుర్తుచేస్తుందే కానీ కొనుగోలును ఆపదు. అది పెట్టేసి నిశ్చింతగా ఉన్న తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియాలి. కోడ్ నిజంగా ఆపుతుంది. ఒక్క షరతు మాత్రం ఉంది. అదే ఖాతాలో యూపీఐ, కార్డు, మొబైల్ బిల్లింగ్ లాంటి మరో చెల్లింపు మార్గం జోడించి ఉండకూడదు. ఉంటే కోడ్ డబ్బు అయిపోగానే చేయి అటు పోతుంది.

కోడ్‌కున్న బలహీనత అది దేశానికి కట్టుబడి ఉండటం. తెలుగు ఇళ్లలో ఇది తరచూ ఎదురయ్యే సమస్యే. డల్లాస్‌లో ఉన్న మేనమామ, గుంటూరులో ఉన్న మేనల్లుడి పుట్టినరోజుకు పాతిక డాలర్ల ప్లే కార్డు కొని నంబరు వాట్సాప్‌లో పంపుతాడు. ఆ అబ్బాయి ఖాతా భారత్‌లో నమోదై ఉంటుంది కాబట్టి కోడ్ తీసుకోదు. ఖాతా దేశాన్ని అమెరికాగా మార్చేద్దామన్న సలహా ఎవరో ఒకరు ఇస్తారు. అది వినకూడదు. గూగుల్ ప్లేలో దేశం మార్పు ఏడాదికి ఒకసారే కుదురుతుంది. మార్చాక పాత దేశంలో ఉన్న బ్యాలెన్స్ కొత్త దేశంలో వాడుకోవడానికి ఉండదు. యాపిల్‌లోనైతే ఉన్న బ్యాలెన్స్ ఖర్చయ్యేదాకా దేశం మార్చనే మార్చనివ్వదు. ఆ మేనమామ డబ్బు బావగారికి పంపి, ఆయన చేత ఇక్కడి కోడ్ కొనిపించడమే సరైన పని.

రెండో బలహీనత మోసం. కోడ్ నంబరు ఎవరికి తెలిస్తే డబ్బు వారిదే. ఒకసారి వాడిన కోడ్‌ను వెనక్కి రప్పించే మార్గం ఆచరణలో లేనట్టే. అందుకే విద్యుత్ బకాయి అనో, పార్సిల్‌లో చిక్కు వచ్చిందనో బెదిరించేవాళ్లు గిఫ్ట్ కార్డు నంబర్లు చదవమంటారు. ఏ ప్రభుత్వ శాఖా, ఏ బ్యాంకూ బాకీని గిఫ్ట్ కోడ్ రూపంలో తీసుకోదు. వెయ్యి రూపాయల కోడ్ ఏడు వందలకే ఇస్తామనే టెలిగ్రామ్ గ్రూపులు మరో రకం. దొంగిలించిన కార్డులతో కొన్న కోడ్‌లు అలా అమ్ముడుపోతుంటాయి. అసలు కార్డుదారు ఫిర్యాదు చేయగానే కోడ్ రద్దవుతుంది, వాడినవాడి ఖాతా మీద అనుమానం పడుతుంది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో నమోదు చేస్తే ఎంతో కొంత ఆశ ఉంటుంది. ఇక్కడ గంటలు లెక్కకొస్తాయి. కోడ్ కొన్న రసీదు, గీకిన కార్డు పారేయకుండా ఉంచుకోవాలి. ఫిర్యాదులో మొదట అడిగేది అదే.

ఆట నంబరు చెబితే నేరుగా నాణేలు వేసే బయటి సైట్ల గురించి ఒక్క మాట. గూగుల్, యాపిల్ తీసుకునే 15 నుంచి 30 శాతం వాటా అక్కడ తప్పుతుంది కాబట్టి ధర తక్కువ ఉండటంలో వింతేమీ లేదు. ఆట తయారుచేసిన సంస్థే నడిపేవీ, దాని అనుమతి ఉన్నవీ సాధారణంగా ఆటగాడి నంబరు మాత్రమే అడుగుతాయి. తెలియని సైట్ పాస్‌వర్డ్ అడిగిందంటే అది ఖాతా దోచుకోవడానికేనని అనుమానించాలి.

ఇక యూపీఐ, వాలెట్లు. పెద్దవాళ్లు తమ డబ్బుతో తామే ఆడేటప్పుడు యూపీఐని మించింది లేదు. తెర మీద ఎవరికి, ఎంత అన్నది కనిపిస్తుంది, పిన్ కొడితేనే కదులుతుంది, బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. గమనించాల్సింది ఆటోపే. నెలవారీ పాస్ కొనేటప్పుడు ఒకసారి పిన్ కొడితే, ఒక్కోసారికి రూ.15,000 లోపు ఉన్న తర్వాతి చెల్లింపులకు మళ్లీ పిన్ అడగదు. కోతకు 24 గంటల ముందు సమాచారం వస్తుంది కానీ మెసేజ్‌ల గుట్టలో అది ఎవరి కంటా పడదు. ఆటను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. గూగుల్ ప్లేలో చందా రద్దు చేయాలి, యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలో అది పోయిందో లేదో కూడా చూసుకోవాలి.

ఇంట్లో పిల్లలు అడుగుతున్నప్పుడు ఫోన్ ఇచ్చి పిన్ చెప్పేయడం చాలామంది చేస్తున్న పని. ఆ పిన్‌తో ఖాతాలో ఉన్నదంతా కదులుతుంది. దీనికి బదులు 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ వాడొచ్చు. అందులో రెండు విధాలున్నాయి. ఒకదానిలో పిల్లలు తమ ఫోన్ నుంచి కొనుగోలు మొదలుపెడతారు, పెద్దల ఫోన్‌కు అభ్యర్థన వస్తుంది, పెద్దలు పిన్ కొడితేనే జరుగుతుంది. రెండోదానిలో నెలకు గరిష్ఠంగా రూ.15,000 దాకా ముందే అనుమతి ఇచ్చేయొచ్చు. ఆటల విషయంలో మొదటిదే తీసుకోవాలి. కనీస వివరాలతో తెరిచే చిన్న వాలెట్ కూడా ఒక గోడలా పనికొస్తుంది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం అందులో ఏ సమయంలోనూ రూ.10,000 మించి ఉండకూడదు. ఏం జరిగినా నష్టం ఆ మొత్తం దగ్గర ఆగుతుంది, జీతం పడే ఖాతా దాకా రాదు.

ఇంతవరకూ కొనేవాళ్లు పడాల్సిన జాగ్రత్తలు. జవాబుదారీ ఎవరన్నది విధానాలకు సంబంధించిన ప్రశ్న. పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు 2024 జనవరి 31న ఆంక్షలు పెట్టింది. మార్చి 15 తర్వాత ఆ వాలెట్లలో కొత్తగా డబ్బు వేయడానికి లేకుండా పోయింది. అయినా ఉన్న డబ్బును అయిపోయేదాకా వాడుకునే హక్కు ఖాతాదారులకు మిగిలింది, ఎందుకంటే ఆ వాలెట్ రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉంది. ఒక సంస్థ తన సరుకులకే పనికొచ్చేలా ఇచ్చే బ్యాలెన్స్ అలా కాదు. దాన్ని క్లోజ్డ్ తరహా అంటారు, రిజర్వు బ్యాంకు దాని జోలికి పోదు. ఇక ఆటలో కొన్న నాణేలు డబ్బు కిందకే రావు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. అక్టోబరు 30న మన దేశంలో సర్వర్లు ఆగాయి. అందులో డబ్బు పెట్టినవాళ్లకు వాపసు అడిగే చట్టబద్ధమైన చోటే లేదు. మరుసటి ఏడాది అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చినప్పుడు పాత ఖాతాలోని వస్తువులను మార్చుకునే వీలు కల్పించారు. అది ఆ సంస్థ చూపిన వెసులుబాటు. బీజీఎంఐ కూడా 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి తొలగిపోయి, 2023 మేలో తిరిగొచ్చింది. తిరిగొస్తుందో లేదోనని కోడ్ వేసి నాణేలు కొన్నవాడు ఆ పది నెలలు ఎదురుచూడాల్సి వచ్చింది.

2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పందెం డబ్బుతో ఆడే ఆటలను దేశమంతటా నిషేధించింది, వాటికి చెల్లింపులు జరపకుండా బ్యాంకులను కట్టడి చేసింది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇలాంటి ఆటలను తమ పరిధిలో నిషేధించాయి. అది అవసరమైన పని. డబ్బు గెలుస్తామనే ఆశ చూపకుండా వస్తువులు మాత్రమే అమ్మే ఆటల్లో జరిగే కోట్లాది చిన్న చెల్లింపుల సంగతి మాత్రం ఇంకా ఎవరికీ పట్టనట్టే ఉంది.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే ఆట సొమ్ము వాపసిస్తారు. స్టీమ్‌లోనే నేరుగా వాలెట్‌లో వేసుకున్న డబ్బును ముట్టుకోకపోతే 14 రోజుల్లోపు అదీ తిరిగొస్తుంది. అయితే కోడ్ ద్వారా వచ్చిన బ్యాలెన్స్‌కు అక్కడా ఈ సదుపాయం లేదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ చేయాల్సింది ఈ కనీస నియమాన్ని కోడ్‌లతో సహా అన్ని క్లోజ్డ్ బ్యాలెన్స్‌లకూ వర్తింపజేయడం. వాడని డబ్బు వచ్చిన దారినే తిరిగి వెళ్లాలి. ఎనభై పోగా మిగిలిన ఇరవై ఖాతాలో చిక్కుకుపోతే, దానికి సరిపడా ఇంకేదో కొనాలన్న ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి మీద వ్యాపారం నడవడం న్యాయం కాదు.

ట్రాయ్ చేయాల్సినవి రెండు. మొబైల్ బిల్లింగ్ అన్ని సిమ్‌లలోనూ మొదట మూసి ఉండాలి, సిమ్ ఎవరి పేరు మీద ఉందో వారు అడిగితేనే, వారు చెప్పిన నెలవారీ హద్దుతోనే తెరవాలి. రెండోది, ప్రీపెయిడ్ బ్యాలెన్స్ నుంచి ఆటకు కడుతున్నప్పుడు ఈ రూ.80 వెనుక టాప్-అప్‌లో ఎంత ఖర్చయిందో కొనుగోలు తెర మీదే కనిపించాలి. టాప్-అప్ చేసిన రోజున ఎంత పన్ను, ఎంత ఫీజు తీసుకున్నారో టెలికాం సంస్థ దగ్గర పైసాతో సహా నమోదై ఉంటుంది కాబట్టి, ఆ అంకెను చూపించడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.